బంతితో నేలా బండ: ఏడేళ్ల పిల్లవాడికి డ్రిబ్లింగ్ నేర్పే ఆట

ప్రశ్న: మాది తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర అపార్ట్‌మెంటు. మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. నాకు ఆట రాదు. ఫోనులో వీడియోలు చూసి, ఆరు కోన్లు వరుసగా పెట్టి వాటి మధ్య నుంచి బంతిని తీసుకెళ్లమంటున్నాను. పది నిమిషాలకే విసుక్కుంటాడు. కోన్ల మధ్య బాగానే వెళ్తాడు కానీ పిల్లలతో ఆడేటప్పుడు బంతిని దూరంగా తన్నేసి దాని వెంట పరుగెత్తుతాడు, తల ఎత్తి చూడడు. డ్రిల్లులు మానేసి ఆటలతోనే నేర్పవచ్చు అంటున్నారు. ఏ ఆటలు, ఎలా ఆడించాలి? ఆడేది నేను, వాడు, అప్పుడప్పుడు పక్క ఫ్లాట్ల పిల్లలు ముగ్గురు.

జవాబు:

కోన్ల మధ్య బాగానే వెళ్తున్నాడంటే బాబు కాళ్లకు వచ్చిన ఇబ్బంది ఏమీ లేదండి. లోటు మరోచోట ఉంది. కోను కదలదు, బంతి కోసం కాలు చాపదు, ఎటు వెళ్లాలో ముందే వరుసలో చెప్పేస్తుంది. అందుకని వాడు బంతినే చూస్తూ వెళ్లినా పని జరిగిపోతుంది. పిల్లల మధ్యకు వచ్చేసరికి ఎవరో ఒకరు ఎదురుగా పరుగెత్తుకొస్తారు. ఎటు ఖాళీ ఉందో చూడాలి, ఎప్పుడు తిరగాలో తేల్చుకోవాలి, అదే క్షణంలో బంతి కాలికి అందేంత దూరంలో ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే డ్రిబ్లింగ్. కోన్లతో మీరు మూడో దాన్ని మాత్రమే, అదీ మిగతా రెండింటి నుంచి విడదీసి నేర్పుతున్నారు. చూడడం, తేల్చుకోవడం అలవాటు లేని పిల్లవాడికి ఎవరైనా మీదికి వస్తే తోచే దారి ఒకటే, బంతిని దూరంగా తన్నేసి ప్రమాదం తప్పించుకోవడం. మీవాడు చేస్తున్నది అదే.

ఒకే కదలికను ఒకేలా పదేపదే చేయిస్తే గట్టిపడుతుందని మనకు గట్టి నమ్మకం. ఎక్కాలు అలాగే నేర్చుకున్నాం కదా! కానీ ఒంటితో చేసే పనుల్లో అన్నిసార్లూ అలా జరగదు. 1978లో కెర్, బూత్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల చేత చిన్న గింజల సంచులను లక్ష్యం మీదకు విసిరించి చూశారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒక జట్టు ఎప్పుడూ మూడడుగుల దూరం నుంచే సాధన చేసింది. రెండో జట్టు రెండడుగుల నుంచి, నాలుగడుగుల నుంచి మార్చి మార్చి విసిరింది. చివరి పరీక్ష మూడడుగుల నుంచి పెట్టారు. ఆ దూరం నుంచి ఒక్కసారి కూడా సాధన చేయని రెండో జట్టే మెరుగ్గా విసిరింది. అది చిన్న ప్రయోగం, పైగా చేతితో విసిరే పని కాబట్టి దాన్ని ఫుట్‌బాల్‌కు ఉన్నదున్నట్టు అంటగట్టను. మైదానంలో నేను చూసేది మాత్రం దానికి దగ్గరగానే ఉంటుంది. ప్రతిసారీ కొంచెం వేరుగా ఎదురయ్యే పనిని పిల్లలు ఎక్కువ కాలం నిలుపుకొంటారు.

ఆటలోకి వెళ్లే ముందు బంతి సంగతి. తిరుపతిలో ఏ క్రీడాసామగ్రి దుకాణంలో అడిగినా ముందుగా చేతికిచ్చేది ఐదో సైజు. అది పెద్దవాళ్ల బంతి, 410 నుంచి 450 గ్రాముల బరువు ఉంటుంది. ఏడేళ్ల వాడికి మూడో సైజు కావాలి. చుట్టుకొలత ఇంచుమించు 60 సెంటీమీటర్లు, బరువు 300 గ్రాములకు కాస్త అటూఇటూ. సైజు అంకె బంతి మీదే అచ్చు వేసి ఉంటుంది, చూసి కొనండి. గాలి నిండుగా కొట్టించవద్దు. సిమెంటు నేల మీద, వేసవిలో ఎండి బిగిసిన ఎర్రమట్టి మీద నిండు గాలి ఉన్న బంతి ఎగిరెగిరి పడుతుంది, ఎంత నేర్పున్న పిల్లవాడి కాలికైనా చిక్కదు. రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. మీ నడుము ఎత్తు నుంచి వదిలితే వాడి మోకాలి దాకా లేస్తే చాలు. వాడు బంతిని దూరంగా తన్నేయడంలో కొంత పాపం బంతిదే అయి ఉండవచ్చు కూడా.

ఇప్పుడు ఆట. బోలెడు ఆటల పేర్లు చెప్పి మిమ్మల్ని తికమక పెట్టను. ఒక్కటి చాలు, దాన్నే నెలల తరబడి మార్చుకుంటూ ఆడవచ్చు. మీరు చిన్నప్పుడు ఆడే ఉంటారు, నేలా బండ. దొంగను "నేల కావాలా, బండ కావాలా" అని అడుగుతారు, దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్లకు బండ మీద ఉన్నంతసేపు భయం లేదు. దానికి బంతిని చేర్చుదాం.

మీ అడుగులతో పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉండేలా స్థలం గుర్తు పెట్టండి. పెద్దవాళ్ల అంగ అన్నమాట, స్కేలు అడుగు కాదు. అందులో సుద్దముక్కతో ఐదు వలయాలు గీయండి. ఒక్కో వలయం వాడు రెండు చేతులు బారచాపి నిలబడితే పట్టేంత ఉండాలి. అవి బండలు, మిగతాదంతా నేల. మట్టి మైదానమైతే సుద్ద బదులు కర్రతో గీసి, మీద కాస్త ముగ్గుపిండి చల్లితే స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి పిల్లవాడికీ ఒక బంతి ఉండాలి, ఇది ముఖ్యం. నలుగురికీ ఒకే బంతి ఉంటే ఆట అవుతుంది కానీ కాలికి బంతి తగిలే సార్లు నాలుగో వంతుకు పడిపోతాయి. పక్క ఫ్లాట్ల పిల్లలు తమ ప్లాస్టిక్ బంతి తెచ్చుకున్నా సరే.

దొంగకు బంతి ఉండదు. మొదట్లో దొంగ మీరే. మీరు నడవాలి, పరుగెత్తకూడదు. నేల మీద ఎవరి బంతికి మీ కాలు తగిలినా మీకు ఒక పాయింటు. వాడు బంతితో ఒక బండ నుంచి మరో బండకు చేరి, బంతి మీద అరికాలు పెట్టి ఆపితే వాడికి ఒక పాయింటు. అరికాలు బంతి మీద ఉంటేనే ఆ బండ వాడిని కాపాడుతుంది. వలయంలోకి వచ్చాడు కానీ బంతి అవతలికి దొర్లిపోయిందంటే బండ లేనట్టే. ఒక బండ మీద మూడు లెక్కపెట్టేంత సేపు మాత్రమే ఉండవచ్చు, ఆ తర్వాత బయలుదేరాల్సిందే. ఒకటిన్నర నిమిషం ఒక ఆట. ఆగి, పాయింట్లు చెప్పుకుని, నీళ్లు తాగి మళ్లీ.

దొరికినవాడిని బయట కూర్చోబెట్టకండి. మన ఆటల్లో దొరికితే ఔట్ అనడం మామూలే. కానీ ముందుగా దొరికేది ఎప్పుడూ తక్కువ వచ్చిన పిల్లవాడే, అంటే ఎక్కువ ఆడాల్సినవాడే ఎక్కువ సేపు గోడకానుకుని కూర్చుంటాడు. పాయింటు తీసుకుని వెంటనే ఆటలోకి పంపేయండి. మీ పక్క ఫ్లాట్ల పిల్లల్లో నాలుగైదేళ్ల పసివాడు ఉంటే వాడిని ఆటలో అరటిపండుగా తిరగనివ్వండి, వాడి పాయింట్లు లెక్కలోకి రావు, వాడి బంతి జోలికి దొంగ వెళ్లదు.

ఈ నియమాలు ఒక్కొక్కటీ మీ బదులు పాఠం చెబుతాయి. అరికాలితో ఆపాలనే నియమం ఉంది కాబట్టి బండ దగ్గరికి వచ్చేసరికి బంతి కాలికి అందేంతలో ఉండి తీరాలి. దూరంగా తన్నితే అది వలయాన్ని దాటి పోతుంది, మీరు నడుచుకుంటూ వెళ్లి కాలు పెడతారు. "చిన్నగా తాకు నాన్నా" అని వందసార్లు చెప్పినా ఎక్కనిది ఇలా రెండు మూడు సార్లు బంతి పోగొట్టుకుంటే ఎక్కుతుంది. మూడు లెక్కపెట్టే నియమం వల్ల వాడు బంతి మీద కాలు పెట్టి నిలబడిన ఆ కొద్ది సేపట్లో తల ఎత్తక తప్పదు. దొంగ ఎటు ఉంది, ఏ బండ ఖాళీగా ఉంది అని చూస్తాడు. బంతి ఆగి ఉన్నప్పుడు తల ఎత్తడం సులువు కదా, అలవాటు అక్కడ మొదలవుతుంది. ఇంకొకటి, అరికాలు బంతి మీద ఉన్నప్పుడు దొంగ ఎదురుగా వచ్చి నిలబడితే వాడు చేయగలిగింది బంతిని అరికాలితో వెనక్కి లాగి, తిరిగి మరోవైపు పోవడం. కోచింగ్‌లో డ్రాగ్‌బ్యాక్ అని పేరు పెట్టి మెట్లు మెట్లుగా నేర్పే మలుపు అదే. ఇక్కడ దాని పేరు కూడా తెలియకుండా వచ్చేస్తుంది.

నిజానికి ఈ ఆటలో మీ పని నేర్పడం కంటే చూడడం. ఒక లోపం కనిపిస్తే మాటతో సరిచేయకుండా ఏదో ఒక నియమాన్ని, లేదా వలయాన్ని, లేదా మీ నడకను మార్చాలి. ఒక్క విడతలో ఒక్కటే మార్చండి, లేకపోతే దేని వల్ల తేడా వచ్చిందో మీకే తెలియదు.

బంతి దూరంగా పోవడం తగ్గిందా లేదా అన్నది చూడడానికి తేలిక దారి ఒకటి ఉంది. ఒక బండ నుంచి ఇంకో బండకు వెళ్లే లోపు వాడి కాలు బంతికి ఎన్నిసార్లు తగిలిందో మనసులో లెక్కపెట్టండి. మొదట్లో ఒకసారో రెండుసార్లో ఉంటుంది, అంటే తన్ని వెంటపడుతున్నాడు. ప్రతి రెండడుగులకు ఒకసారి తగలడం మొదలైతే దారిలో పడినట్టే. ఎన్నాళ్లకూ మారకపోతే బండల సంఖ్య ఐదు నుంచి ఏడుకు పెంచి దగ్గర దగ్గరగా గీయండి. దూరం తగ్గితే గట్టిగా తన్నే అవసరమే పోతుంది. అది కుదిరాక వలయాలను చిన్నవి చేయండి. ఈ వరుసే పాటించండి. ముందే వలయాలు చిన్నవి చేస్తే బంతి ప్రతిసారీ దాటిపోయి వాడు ఆటే వద్దంటాడు.

తల ఎత్తకపోవడానికి నాకు బాగా పనిచేసిన మార్పు బండను మూసేయడం. దొంగ చేతిలో రెండు పాత చెప్పులు పట్టుకుని, ఆట నడుస్తుండగా ఏదో ఒక బండ మీద ఒక చెప్పు పెడుతుంది. ఆ బండ మూసేసినట్టు. కాసేపటికి తీసి ఇంకోదాని మీద పెడుతుంది. ఇదంతా నోరు మెదపకుండా చేయాలి. "అది మూసేశాను" అని అరిచారంటే వాడు చెవులతో ఆడతాడు, కళ్లు బంతి మీదే ఉంటాయి. చూడనివాడు మూసేసిన బండ దాకా వెళ్లి నాలుక కరుచుకుంటాడు. కొన్నాళ్లకు మధ్య దారిలోనే ఆగి మరో వైపు తిరగడం కనిపిస్తుంది. అంటే బంతి నడుస్తుండగానే చూశాడన్నమాట. ఈ ఆట మొత్తంలో నేను ఎదురుచూసే గుర్తు అది.

ఎడమ కాలి గురించి ఈ వయసులో మరీ పట్టుపట్టకండి. ఎడమ కాలితోనే ఆడాలి అని నియమం పెడితే ఆట కుంటుతుంది, పిల్లవాడికి కోపం వస్తుంది. దాని బదులు ఎడమ అరికాలితో ఆపితే రెండు పాయింట్లు అనండి. లెక్కలు రాని పిల్లలు కూడా ఈ లెక్క వెంటనే పట్టేస్తారు. దొంగగా మీరు వాడి కుడి వైపు నుంచే ఎక్కువగా వెళ్లడం ఇంకో మార్గం, అప్పుడు బంతిని దొంగకు దూరంగా ఉండే కాలికి మార్చుకోవడం తప్పనిసరి అవుతుంది.

వేలి కొసతో పొడవడం ఒక్కటి మాత్రం నియమాలతో అంత తేలిగ్గా పోదు. అక్కడ ఒకసారి చూపించాల్సిందే, అదీ నీళ్లు తాగే విరామంలో. పాదాన్ని కొంచెం లోపలికి తిప్పి, వేళ్లు నేల వైపు వంచి, చిటికెన వేలి పక్క భాగంతో బంతిని ముందుకు నెట్టాలి. ఇలా చేస్తే నడక లయ చెడదు, పరుగులో అడుగు ఎలా పడుతుందో అలాగే పడుతూ బంతిని తోసుకుంటూ పోతుంది. పాదం లోపలి వైపుతో అయితే తుంటి బయటికి తిప్పాలి, పరుగు ఆగుతుంది. మీకు ఆట రాదన్నారు కాబట్టి చెబుతున్నాను, ముందు మీరే వంటింట్లో నిమ్మకాయతో చేసి చూసుకోండి. చూపించింది ఒక్క నిమిషం దాటకూడదు, మళ్లీ ఆటలోకి వెళ్లిపోవాలి.

ఒక పాప సంగతి చెబితే ఇదంతా ఎలా నడుస్తుందో తెలుస్తుంది. చిత్తూరులో మెసానికల్ మైదానం అంచున సాయంత్రాలు కొందరు పిల్లలను ఆడించేవాణ్ణి. రెండో తరగతి పాప, అంతకుముందు ఒకచోట వేసవి శిబిరానికి వెళ్లి వచ్చింది. కోన్ల మధ్య చూస్తే ముచ్చటేసేది. ఎవరైనా మూడు గజాల దూరంలోకి వస్తే మాత్రం కళ్లు మూసుకున్నట్టు తన్నేసేది. ఆమెను తీసుకొచ్చేది తాతయ్య, పంచె కట్టుకుని గట్టు మీద కూర్చునేవారు. నేను దొంగనైతే పాప బెదురుతోంది, పిల్లలు దొంగలైతే మరీ పరుగు. అందుకని తాతయ్యను దొంగగా రమ్మన్నాను. ఆయన నడకే ఆటకు సరిపోయే వేగం.

మొదటి విడతలో పాప తన్నిన ప్రతి బంతీ బండ దాటి పోయింది, తాతయ్య నింపాదిగా వెళ్లి దాని మీద చెప్పుకాలు పెట్టారు. నేను ఏమీ అనలేదు, రెండు బండలు అదనంగా గీశాను. తర్వాతి విడతలో కొన్ని అందాయి. బండ మీద కాలు పెట్టి నిలబడినప్పుడు మొదటిసారి తల ఎత్తి తాతయ్య ఎటు ఒరుగుతున్నారో చూసింది. ఆయన నిదానం కాబట్టి చూడడానికి వ్యవధి దొరికింది. వేగంగా వచ్చే దొంగ అయితే ఆ వ్యవధే ఉండదు. దొంగ నడవాలని ముందు చెప్పింది ఇందుకే.

ఆ తర్వాత వచ్చింది అసలు చిక్కు. పాప తొండి కనిపెట్టింది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు బండల మధ్యే అటూ ఇటూ తిరుగుతూ, తాతయ్య దగ్గరికి రాకముందే పాయింట్లు కొట్టేయసాగింది. పిల్లలు తొండి చేస్తే కోప్పడనక్కరలేదు, నియమంలో కన్నం ఉందని వాళ్లు చూపిస్తున్నారంతే. ఇప్పుడే వదిలిన బండకు వెంటనే తిరిగి రాకూడదని చేర్చాను. ఇక దూరపు బండలకు పోవాలి, మధ్యలో తాతయ్యను దాటాలి. కొన్ని సాయంత్రాల తర్వాత ఒకనాడు పాప కుడివైపు వెళ్తున్నట్టు భుజం వంచి, ఆయన అటు అడుగు వేయగానే ఎడమకు పోయింది. భుజం వంచి ఏమార్చడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. అవతలి మనిషి ఉన్నాడు కాబట్టి వచ్చింది, కోను ముందు భుజం వంచాలని ఎవరికి తోస్తుంది?

అయినా ముగ్గురు ముగ్గురుగా జట్లు కట్టి గోల్స్ పెట్టి ఆడించిన రోజున ఆమె మళ్లీ పాత పద్ధతికే పోయింది, బంతి రాగానే తన్నేసింది. దీనికి కంగారు పడలేదు. నేలా బండలో ఎటు పోయినా పాయింటే. మ్యాచ్‌లో ఒకే దిక్కుకు పోవాలి, ఎదురుగా పరుగెత్తే పిల్లలుంటారు, బంతి ఒక్కటే. మధ్యలో ఒక మెట్టు కావాలి. ఇద్దరే ఎదురెదురుగా, ఒక బంతి, ఒక్కొక్కరికీ కాపాడుకోవడానికి రెండు చిన్న ద్వారాలు. అవతలివాడి రెండు ద్వారాల్లో దేన్నుంచైనా బంతిని నడిపించుకుంటూ వెళ్లాలి, తన్ని పంపితే లెక్కలోకి రాదు. రెండు ద్వారాలు ఉండడం వల్ల ఒకటి మూసుకుంటే రెండో దాని వైపు తిరగాలి, నేలా బండలో నేర్చిన మలుపు అక్కడ అక్కరకొస్తుంది. అది కొంతకాలం ఆడాకే మ్యాచ్‌లో తేడా కనిపించింది. కాబట్టి మీవాడు ఇంట్లో బాగా ఆడి, పిల్లల మధ్య మళ్లీ తన్నేస్తే ఆట పనిచేయలేదనుకోకండి, ఈ మెట్టు మిగిలి ఉందనుకోండి.

పక్క ఫ్లాట్ల పిల్లలు ముగ్గురూ వచ్చిన రోజున ఇంకో ఆటకు మీ దగ్గర స్థలం సిద్ధంగానే ఉంది. నాలుగు స్తంభాలాట. మీతో కలిపి ఐదుగురు, అందరికీ బంతులు. నాలుగు మూలల నలుగురు, మధ్యలో దొంగ. "మారండి" అనగానే అందరూ బంతితో సహా మూలలు మారాలి, దొంగ కూడా ఒక మూల కోసం పోటీ పడతాడు, మూల దొరకనివాడు కొత్త దొంగ. ఇందులో నేలా బండలో రానిదొకటి వస్తుంది. ఎదురుగా ఖాళీ ఉన్నప్పుడు బంతిని కాస్త ముందుకు తోసి పరుగెత్తడమే సరైన పని. దూరంగా తన్నడం అన్ని వేళలా తప్పని వాడి మనసులో పడకూడదు. ఖాళీ ఉంటే పెద్దగా, మనుషులుంటే చిన్నగా, ఈ తేడా వాడికి తెలియాలి. రెండు ఆటలూ ఒకే సాయంత్రం మార్చి ఆడిస్తే ఆ తేడా చెప్పకుండానే తెలుస్తుంది.

అపార్ట్‌మెంటు కింది పార్కింగ్‌లో ఆడించేటప్పుడు పిల్లర్లనే స్తంభాలుగా పెట్టుకోవద్దు. పరుగులో వచ్చి పిల్లవాడు తలో భుజమో కొట్టుకుంటాడు, సిమెంటు అంచులు పదునుగా ఉంటాయి. పిల్లర్లకు రెండు అంగల దూరంలో సుద్దతో గళ్లు గీసి వాటినే మూలలు అనండి. టైల్స్ వేసిన పార్కింగ్ అయితే తడి ఉన్న రోజున అసలు వద్దు, ఈశాన్య రుతుపవనాల వానల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఆ బాధ ఎక్కువ. మిద్దె మీద ఆడించమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. బంతి పిట్టగోడ దాటుతుంది, దాని కోసం పిల్లవాడు పిట్టగోడ ఎక్కుతాడు. వారానికి ఒకసారైనా మట్టి మైదానానికి తీసుకెళ్లండి. సిమెంటు మీద బంతి ఎప్పుడూ ఒకేలా దొర్లుతుంది, మట్టి మీద గులకరాయి తగిలి పక్కకు పోతుంది, దాన్ని సర్దుకోవడం కూడా నేర్పే. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు దిగాకే బయలుదేరండి, సిమెంటు అప్పటికీ సెగలు కక్కుతూ ఉంటుంది కాబట్టి కాన్వాస్ బూట్లు వేయండి. స్టడ్లున్న బూట్లు గట్టినేల మీద జారతాయి, ఇప్పుడు అక్కరలేదు.

మొత్తం మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు చాలు. వాడు ఇంకా కావాలంటుండగానే ఆపండి. ఆటలో మీరు వాడి బంతిని మూడు ప్రయత్నాల్లో ఒకసారి పట్టుకునేలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు, ఇది నా లెక్క. ఒక్కసారీ పట్టుకోలేకపోతే మీ నడక వేగం పెంచండి, ప్రతిసారీ పట్టుకుంటుంటే తగ్గించండి. తెలియకుండా ఓడిపోతున్నట్టు నటించడం మాత్రం వద్దు, ఏడేళ్ల వాళ్లు ఇట్టే పసిగడతారు. కావాలంటే "ఇవాళ నేను ఒంటికాలి మీద దొంగను" అని చెప్పేయండి, అప్పుడు అది నియమం అవుతుంది.

కోన్ల డ్రిల్లులు పూర్తిగా పనికిరావని నేను అనను. ఏదో ఒక రోజు వాడే వచ్చి "ఆ అన్న బంతిని అలా ఎలా తిప్పాడు?" అని అడుగుతాడు. అప్పుడు నెమ్మదిగా చూపించండి, వాడు గోడ పక్కన ఒంటరిగా యాభైసార్లు చేసుకున్నా చేసుకోనివ్వండి. అడిగి చేసుకునే సాధనకు విసుగు ఉండదు. వాడు అడగకముందే మీరు చేయించేదానికే పది నిమిషాల గడువు.

మీవాడు మూసేసిన బండలను మధ్య దారిలోనే గమనించి తిరిగిపోతున్నాడు, మీ నడకకు దొరకడం మానేశాడు అనిపించిన రోజు నుంచి దొంగ పని మీరు వదిలేసి పక్క ఫ్లాట్ల పిల్లల్లో పెద్దవాడికి ఇవ్వండి. రోజూ ఒకడే దొంగ అంటే ఒప్పుకోరు కాబట్టి పంటలు వేసుకోనివ్వండి. పెద్దవాడి వంతు వచ్చినప్పుడు మొదటి రెండు విడతలు నడకే, తర్వాత పరుగుకు అనుమతి. ఆ పరుగు మొదలైన కొన్నాళ్లు మీవాడు మళ్లీ దూరంగా తన్నడం కనిపిస్తుంది. వలయాలను తిరిగి పెద్దవి చేసి, బండల సంఖ్య ఏడుకు పెంచి, పైన చెప్పిన వరుసలోనే మరోసారి రండి.